అనుకున్న మాట

పొట్టి పుంగనూరు ఆవు ఏనుగంత ఎత్తు పెరిగిందంటే ఎంత నమ్ముతామో, దొరస్వామి సారు ఇచ్చిన లెక్కకు రెండు జవాబులు వచ్చాయంటే అంతే నమ్ముతాం. మదనపల్లె నుంచి కుప్పం దాకా లెక్కల టీచర్లు టీ తాగేటప్పుడు చెప్పుకొనే మాట ఇది. అందుకే సెప్టెంబరు నెలలో ఒక సాయంత్రం కుప్పంలో తన ఇంటి వసారాలో కూర్చుని వర్క్‌షీటుకు జవాబుల కీ రాస్తున్న భారతి, ఏడో లెక్క దగ్గర ఆగిపోయి ముందు తన కళ్ళనే అనుమానించింది.

లెక్క ఇది. నలభై నాలుగు సెంటీమీటర్ల పొడవు, ఇరవై రెండు సెంటీమీటర్ల వెడల్పు ఉన్న రేకును చుట్టి స్థూపం చేశారు. దాని ఘనపరిమాణం ఎంత? అంతే. ఏ వైపు చుట్టారో లేదు. పొడవు వైపు చుట్టితే వ్యాసార్ధం ఏడు, ఎత్తు ఇరవై రెండు, ఘనపరిమాణం 3388 ఘన సెంటీమీటర్లు. వెడల్పు వైపు చుట్టితే వ్యాసార్ధం మూడున్నర, ఎత్తు నలభై నాలుగు, ఘనపరిమాణం 1694. ఒకటి రెండోదానికి సరిగ్గా రెండింతలు. ఏదో ఒకటి రాసేస్తే సగం మంది పిల్లల నోట్లో మట్టి కొట్టినట్టే.

ఆ వర్క్‌షీట్ల సంగతి చెప్పాలి. దొరస్వామి సారు పుంగనూరులో లెక్కల మాస్టారుగా చేసి రిటైరై తొమ్మిదేళ్ళయింది. రిటైరైనవాళ్ళు పొద్దున నడక, సాయంత్రం అరుగు అంటారు. ఆయన మాత్రం పదో తరగతి పిల్లలకు వారానికొక వర్క్‌షీటు తయారు చేయడానికి కూర్చున్నాడు. చుట్టుపక్కల చిన్న బళ్ళలో పనిచేసే పదకొండు మంది లెక్కల టీచర్లు దాన్ని వాడుకొనేవారు. సారు చేత్తో రాసి ఫొటో తీసి భారతికి పంపుతాడు. కుప్పంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో చెప్పే భారతి కీ రాస్తుంది. రెండూ మదనపల్లెలో జయచంద్ర ప్రెస్సుకు పోతాయి. అతను అచ్చేసి బస్సుల్లో పార్సిళ్ళు పంపుతాడు. కీ టీచర్లకు మాత్రమే. సారు ఒక్కసారైనా కీ చూపించమని అడగలేదు. "నేనిచ్చిన లెక్కకు జవాబు నాకు తెలీదా ఏంది" అనేవాడు. ఆ గర్వం ఆయనకు తగిందే, ఎవరూ తప్పు పట్టలేదు.

రెండు జవాబులు వచ్చే ప్రశ్నను ఎలా పట్టుకోవాలో భారతికి నేర్పింది కూడా ఆయనే. పదో తరగతిలో ఆయన దగ్గర చదివేటప్పుడు జిల్లా పరీక్షలో ఒక ప్రశ్న సరిగ్గా లేదని ఆమె ఖాళీగా వదిలేసి వచ్చి, ప్రశ్నాపత్రం చేసినవాళ్ళను తిట్టిపోసింది. సారు అంతా విని నవ్వాడు.

"తిట్టు రాస్తే మార్కు రాదమ్మా. నేను ఇట్లా అనుకున్నాను అని ఒక లైను రాయి. అదే అనుకున్న మాట. దాని కింద లెక్క పూర్తిగా చెయ్యి. ఇంకోరు ఇంకో రకంగా అనుకునేదానికి వీలుంటే, అదీ ఒక లైను రాయి, దాని జవాబూ రాయి. ఎవురైనా మామూలుగా అనుకునేది ముందు, రెండోది తర్వాత. పదిరకాలు రాసి అతితెలివి చూపించొద్దు. బుద్ధున్నోడు నిజంగా అనుకునేవే రాయాల" అన్నాడు.

ఆ మాట ప్రకారమే ఏడో లెక్కకు కీ రాసింది. అనుకున్న మాట ఒకటి: పొడవు వైపు చుట్టారు. అనుకున్న మాట రెండు: వెడల్పు వైపు చుట్టారు. ఏది రాసినా, అనుకున్నదేమిటో చెప్పి ఉంటే పూర్తి మార్కులు. రెండూ రాస్తే మరీ మంచిది.

ఫోను చేసి అడగొచ్చు కదా అంటే, అడగొచ్చు. ఫోను చేతిలోనే ఉంది. కానీ ఏమని అడగాలి? సార్, మీ లెక్క తప్పుగా ఉంది అనా? ఆగస్టులో వరలక్ష్మీ వ్రతం వారంలో సారు భార్య సుశీలమ్మకు పక్షవాతం వచ్చింది. కుడివైపు చెయ్యీ కాలూ పడిపోయాయి, మాట పోయింది. భారతి ఆస్పత్రికి పోయి చూసి వచ్చింది. అంత కష్టంలోనూ ఒక్క వారం కూడా తప్పకుండా వర్క్‌షీటు పంపుతున్న మనిషికి, గోరుచుట్టు మీద రోకటి పోటులాగా తన ఫోనొకటా అనుకుంది. గురువు తప్పును తాను కప్పిపుచ్చుతున్నానని ఆమెకు లోలోపల కొంచెం తృప్తి కూడా కలిగింది. మంచితనానికి ఇదొక జబ్బు, ఎదుటివాణ్ణి ఒక్కమాట అడగకుండానే వాడికి మేలు చేసేస్తుంది.

తర్వాతి వారం ఇంకొకటి వచ్చింది. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒక మీటరు లోతు ఉన్న తొట్టి బయటంతా రంగు వేయాలి, వైశాల్యం ఎంత? మూత ఉందో లేదో చెప్పలేదు. మూత ఉంటే పదమూడు చదరపు మీటర్లు, లేకపోతే పది. ఆ తర్వాత ముప్పై మీటర్ల పొడవు, ఇరవై మీటర్ల వెడల్పు ఉన్న తోటకు చుట్టూ రెండు మీటర్ల బాట. బాట తోట బయటా, లోపలా? బయట అయితే 216, లోపల అయితే 184. ఇంకో వారం, నూట ముప్పై అయిదు కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఊళ్ళ నుంచి రెండు బస్సులు గంటకు నలభై, యాభై కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఒకేసారి బయలుదేరాయి. ఎంతసేపటికి వాటి మధ్య దూరం నలభై అయిదు కిలోమీటర్లు అవుతుంది? కలుసుకోకముందు అయితే గంటకు. ఒకదాన్నొకటి దాటిపోయాక అయితే రెండు గంటలకు.

ప్రతిదానికీ భారతి ఓపికగా అనుకున్న మాటలు రాసుకుంటూ పోయింది. అక్టోబరులో వర్క్‌షీటుకు రెండు ఉండేవి. నవంబరుకు నాలుగయ్యాయి. డిసెంబరు మొదటి వారంలో ఇరవై ప్రశ్నల్లో ఏడింటికి రెండేసి జవాబులు రాసి, పెన్ను పక్కన పెట్టేసింది. నాన్నకు జ్వరం రోజురోజుకూ పెరుగుతుంటే థర్మామీటరు పట్టుకొని కూర్చున్న కూతురిలా అనిపించింది ఆమెకు. ఆ రోజు కూడా ఫోను చేయలేదు.

తరగతిలో పిల్లలకు ఇట్లా రెండేసి జవాబులు రాయడం కొత్త ఆటయింది. దీపిక అనే పిల్ల చురుకైనది, వెనక బెంచీ నుంచి లేచి అడిగింది. "మిస్, పెద్ద పరీక్షలో ఇట్ల రెండు రాస్తే మార్కు ఏస్తారా?"

"ప్రశ్న నిజంగా రెండు రకాలుగా ఉంటేనే రాయాల. స్పష్టంగా ఉండే ప్రశ్నకు రెండు జవాబులు రాస్తే, నీకే తెలీక రెండు రాళ్ళు ఇసిరినావని అనుకుంటారు. ముందు మామూలు అర్థానికి పూర్తిగా చెయ్యి. రెండోది కింద, చిన్నగా. ఎవురు దిద్దుతారో మనకు తెలీదు కదా, దిద్దేవాళ్ళకు నీ మనసులో ఏముండాదో కనబడాల" అంది భారతి.

చెప్పడం బాగానే చెప్పింది. ఆ మాట తనకూ వర్తిస్తుందని ఆమెకు తోచలేదు.

డిసెంబరు రెండో శనివారం మదనపల్లెలో, జయచంద్ర ప్రెస్సు పైనున్న గదిలో టీచర్లంతా కలిశారు. సారును పిలవలేదు. పిలవకపోవడంలోనే అంతా ఉంది. పుంగనూరులోనే పనిచేసే శేఖర్, మంచివాడే కానీ నోటికి అడ్డు లేనివాడు, కీలన్నీ బల్ల మీద పరిచాడు.

"సూడండప్పా, జవాబుల కంటే అనుకున్న మాటలే ఎక్కువుండాయి. మా హెడ్మాస్టరు అడుగుతాండాడు, ఇది వర్క్‌షీటా, పంచాంగమా అని. మార్చిలో పరీక్షలు. పిల్లోళ్ళు 'ఎంత' అని అడిగితే 'ఏమనుకుంటే' అంటాండారు. సారుకు ఏమైంది? భారతి మేడం, మీకే తెలియాల. మీరే కదా నాలుగు నెల్లుగా సూస్తాండేది."

అందరూ ఆమెవైపు తిరిగారు. నాలుగు నెలలుగా ఒక్కతే మోసిన బరువు అది, దించుకొనే చోటు దొరికింది. అప్పుడు ఆమె నోటి నుంచి ఒక్క వాక్యం వచ్చింది.

"సారుకు మతిమరుపు వచ్చేసిండాది."

వచ్చిందేమో అనలేదు. నేనలా అనుకుంటున్నాను అనలేదు. ఒకటే అర్థం, ఒకటే జవాబు, కింద గీత కొట్టినట్టు చెప్పేసింది. గదిలో అందరూ అయ్యో అన్నారు. శేఖర్ కూడా తల దించుకున్నాడు. ఆ తర్వాత అంతా చకచకా, ప్రేమగా జరిగిపోయింది. సారును నొప్పించకూడదు, గౌరవంగా పంపాలి, ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఇకమీదట వర్క్‌షీటు భారతి చేయాలి. పుండు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట రాయడానికి పదకొండు మంది చదువుకున్నవాళ్ళు కలిసి పది నిమిషాల్లో ఒప్పుకున్నారు.

సన్మానం ఆ నెల ఆఖరి ఆదివారం, మదనపల్లెలోనే, ఒక బడి హాల్లో పెట్టుకున్నారు. భార్యను పక్కింటావిడకు అప్పజెప్పి సారు పొద్దున బస్సుకే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో గుడ్డ సంచి. టీచర్ల మీటింగు అని మాత్రమే ఆయనకు చెప్పారు. కుర్చీలూ మైకూ పూలదండా చూసి "ఎవురికమ్మా ఇదంతా?" అని భారతిని అడిగాడు.

"మీకే సార్."

"నాకు యాల?"

ఆ ప్రశ్నకు భారతి నవ్వి ఊరుకుంది. శేఖర్ మైకు పట్టుకొని, సారు ఎంతో శ్రమ పడ్డారు, ఇక విశ్రాంతి తీసుకోవాలి, ఆయన శిష్యురాలే ఆ బాధ్యత అందుకుంటోంది అని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పేటప్పుడు సారు చొక్కా జేబులోంచి మడిచిన కాగితం ఒకటి కొంచెం బయటికి వచ్చింది. తర్వాతి వారం వర్క్‌షీటు. మీటింగు కదా, చేతికే ఇచ్చేద్దామని తెచ్చుకున్నాడు. ఆయన దాన్ని వేలితో లోపలికి నెట్టుకున్నాడు. అది చూసింది భారతి ఒక్కతే. చూసి కూడా చప్పట్లు కొడుతూనే ఉంది.

మాట్లాడమంటే సారు నాలుగు మాటలే మాట్లాడాడు. అందరికీ నమస్కారం పెట్టాడు. కిందికి దిగాక జయచంద్ర చెయ్యి పట్టుకొని అన్నాడు. "అప్పా జయచంద్రా, ఇన్నేండ్లల్లో నేను ఒక్క కీ కూడా సూడలే. ఇంక ఇంట్లో ఊరికే కూర్చోవాల కదా. ఈ ఏడాదివన్నీ ఒక కట్ట కట్టి ఇస్తావా, సదువుకుంటా."

జయచంద్ర, పెద్దాయన అడగక అడిగాడని సంతోషంగా పోయి కట్ట తెచ్చి ఇచ్చాడు. వద్దనడానికి భారతికి ఒక్క కారణమూ దొరకలేదు. సారు ఆ కట్టను గుడ్డ సంచిలో శాలువా మీద పెట్టుకొని పుంగనూరు బస్సెక్కాడు.

పది రోజుల తర్వాత ఆయన దగ్గర నుంచి ఫోను వచ్చింది. "అమ్మా భారతీ, నా పాత నోటుబుక్కులుండాయి. ఇంక నువ్వు కదా రాసేది, నీకు పనికొస్తాయి. ఒకతూరి వచ్చి తీసుకొని పో." గొంతు మామూలుగానే ఉంది.

భారతి ఆదివారం బయలుదేరింది. కుప్పంలో బస్సెక్కి, వి.కోట దాటి, పలమనేరులో మారి, పుంగనూరు చేరేసరికి పదకొండయింది. దారి పొడుగునా ఆమె ఒక్కటే లెక్క వేసుకుంటూ వచ్చింది. మతిమరుపు మనిషి కదా, కీలు చదివి ఉన్నా అర్థమై ఉండదు. ఆ ఆశ ఎంత నీచమైనదో ఆమెకే తెలిసి, కిటికీ వైపు తిరిగి కళ్ళు మూసుకుంది.

బస్టాండు వెనక సందులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో సుశీలమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, కుడి చెయ్యి కింద దిండు పెట్టి, సారు ఆమెకు రాగి అంబలి స్పూనుతో తాగిస్తున్నాడు. భారతిని చూసి "రామ్మా, కూర్చో" అన్నాడు. పట్టాల మంచం మీద కీల కట్ట విప్పి ఉంది. ప్రతి కాగితం మీదా పెన్సిలు గీతలు.

"ఎట్లుండారు సార్?"

"ఈమెకు మాట ఇంకా రాలేదు. డాక్టరు వస్తాదంటాండాడు, ఎప్పుడో చెప్పడంలే." ఆమె మూతి తుడిచి, గ్లాసు పక్కన పెట్టి ఆయన మంచం మీద కూర్చున్నాడు. "కీలు సదివినానమ్మా. చానా బాగా రాసినావు. ఒక్కదాంట్లో కూడా కూడికలో గానీ గుణకారంలో గానీ తప్పు లేదు. ఎవురికీ అన్యాయం జరగలేదు."



ఆయన లేచి అలమారులోంచి నోటుబుక్కుల దొంతర తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. "తెరిచి సూడు. ఏదన్నా పేజీ."

తెరిచింది. సారు గుండ్రటి చేతిరాత. తొట్టి లెక్క ఒకటి, చాలా ఏళ్ళనాటిది. "తొట్టికి" అన్న మాటకు ముందు, పైన చిన్న అక్షరాలతో "మూత లేని" అని చేర్చి ఉంది. దాని పక్కన మార్జినులో ఒక అక్షరం. సు. కింది లెక్కలో బాటకు ముందు "తోట వెలుపల" అని చేర్పు. పక్కన సు. ఇంకో పేజీ తిప్పింది. రేకును "పొడవు వెంబడి" చుట్టి. సు. ప్రతి పేజీలోనూ నాలుగైదు.

"ఈ సు ఏమిటి సార్?"

"సుశీల" అన్నాడు ఆయన.

సుశీలమ్మ తన పేరు వినబడి అటు చూసింది.

"ఈమె సదివింది ఐదో క్లాసు. రిటైరైనప్పటి నుంచీ కాదమ్మా, నా సర్వీసు మొత్తం అంతే. లెక్క రాసినాక ఈమెకు సదివి ఇనిపించేవాణ్ణి. ఈమె చిక్కుడుకాయలు ఒలుచుకుంటా, బియ్యం ఏరుకుంటా వినేది. జవాబు ఈమెకు రాదు. కానీ అడిగేది. ఆ తొట్టికి మూత ఉండాదా లేదా? ఆ బస్సులు కలిసేముందా, దాటినాకా? తీసిన గోళీ మళ్ళా పెట్టెలో ఏస్తారా, ఏయరా? నాకు కోపం వచ్చేది. నీకెందుకే అనేవాణ్ణి. అని, పోయి ఆ మాట చేర్చుకోనొచ్చేవాణ్ణి. జనాలు నన్ను పొగిడేవాళ్ళు, దొరస్వామి లెక్కకు రెండు జవాబులు రావని. ఆ పొగడ్త నేనే పెట్టుకున్నా. ఒకరికి కూడా ఈమె పేరు చెప్పలే."

ఆయన గొంతు అక్కడ కొంచెం తగ్గింది. కీలలోంచి ఒక కాగితం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఆగస్టు తర్వాత కూడా సదివి ఇనిపిస్తానే ఉండా. మునుపట్లాగే. ఈమె ఇనేది, తలూపేది. సరిపోయింది, అడిగేదానికి ఏమీ లేదు కాబట్టి తలూపతాండాది అనుకున్నా. ఒకటే అనుకున్నానమ్మా. రెండోది నా బుర్రకు తట్టలే. నీ కీలు సూసినాక తెలిసింది. నువ్వు రాసిన ప్రతి అనుకున్న మాటా, ఈమె అడిగి ఉండాల్సిన ప్రశ్నే. ఒక్కటి కూడా తేడా లేదు. ఈమె అడగలేకపోయింది."

మోకాలి మీది కాగితాన్ని మడుస్తూ అన్నాడు. "నువ్వు అడగలేదు."

భారతి ఒళ్ళోంచి నోటుబుక్కులు జారిపోయాయి. ఏడుపు ఆపుకోవాలని ఆమె ప్రయత్నించలేదు, ప్రయత్నించినా ఆగేది కాదు. "సార్, నేను మీకు కష్టంగా ఉంటాదని... మీరు ఇంత కష్టంలో ఉంటే..."

"తెలుసమ్మా. నీ మనసు నాకు తెలీదా. కానీ అనుకున్న మాట ఎప్పుడు రాస్తాం? ప్రశ్న ఇచ్చినోడు ఎదురుగ్గా లేనప్పుడు. పరీక్ష హాల్లో అడిగేదానికి ఎవురూ ఉండరు, అందుకని. నేను ఈడే ఉండానే. పుంగనూర్లోనే. ఫోను కూడా ఉండాది." ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. "మతిమరుపని చెప్పినావంట. జయచంద్ర చెప్పినాడు, పాపం, నాకు తెలుసనుకోని. మదనపల్లెకు పోయి డాక్టరుకు సూపించుకోనొచ్చినా. నాకే అనుమానం వచ్చింది, నువ్వన్నావంటే ఉంటాదేమోనని. ఏమీ లేదన్నాడు."

భారతి లేచి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. "రేపే అందరికీ చెప్తాను సార్, తప్పు నాదేనని. శేఖర్‌కూ చెప్తాను. మీరు మళ్ళా రాయండి. వారానికి రెండు తూర్లు ఫోన్ చేస్తా. మీరు సదవండి, నేను అడుగుతా. ఏం అర్థం కాకపోయినా అడుగుతా. అమ్మ అడిగినట్టే అడుగుతా."

ఆయన తల అడ్డంగా ఊపాడు. అలిగిన మనిషి తల ఊపడం కాదు అది.

"నువ్వు లెక్కలు సదువుకున్నావమ్మా. లెక్క తెలిసినోళ్ళు లేనిదాన్ని మనసులోనే పూరించుకుంటారు. ఈమెకు తెలీదు కాబట్టి అడిగేది. అది నీకు రాదు, నాకూ రాదు." ఆయన భార్య వైపు చూశాడు. "ఇంకోటి చెప్తా. శాలువా కప్పినందుకు నాకు బాధ లేదు. కట్టంతా సదివినాక నేనే మానేసి ఉంటా. పెన్ను పట్టుకుంటే ఈమెకు సదవాల. సదివితే ఈమె తలూపతాది. ముందు ఆ తలూపు సూసి సంతోషపడేవాణ్ణి. ఇప్పుడు సూడలేను."

భారతి కింద పడిన నోటుబుక్కుల వైపు చూసింది. తానొక్కసారి సెప్టెంబరులో ఫోను చేసి, సార్, ఏ వైపు చుట్టాలి అని అడిగి ఉంటే చాలు. ఆయన విసుక్కొని, ఒక మాట చేర్చి, అదే రోజు భార్య ముఖంలోకి చూసి తెలుసుకొని ఉండేవాడు. నాలుగు నెలలు ఆయన ఒక్కడే గదిలో బిగ్గరగా చదువుతూ, జవాబు వస్తోందని నమ్ముతూ ఉండిపోయాడు. ఆ నాలుగు నెలల గదికి తలుపు తన చేతిలో ఉండింది.

సారు నోటుబుక్కులు ఏరి, దుమ్ము దులిపి, పురికొస తెచ్చి కట్ట కడుతున్నాడు. "పిల్లోళ్ళకు పరీక్షలు దగ్గర పడినాయి. తీసుకొని పో. ఈటిలో ఉండేవన్నీ ఆమె సూసినవే, నమ్మకంగా ఇచ్చుకో" అన్నాడు. టీ పెడతానని లోపలికి పోయాడు.

గదిలో ఇద్దరు ఆడవాళ్ళు మిగిలారు. భారతి కుర్చీ దగ్గరికి జరిగి సుశీలమ్మ ఎడమ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. వేళ్ళు కొంచెం బిగిశాయి. ఇన్నేళ్ళుగా ఈమె పెట్టిన ఫిల్టరు కాఫీ తాగింది, ఈమె వడ్డిస్తే తింది, ఈమె పేరు సుశీలమ్మ అని తప్ప ఏమీ తెలుసుకోలేదు.

"అమ్మా, నా వల్ల చానా పెద్ద తప్పు జరిగిపోయింది. సారుకూ, మీకూ. నన్ను క్షమిస్తారా?"

సుశీలమ్మ ఆమె ముఖంలోకి తేరిపార చూసింది. పెదాలు కదిలాయి, ఏదో అడగబోతున్నట్టు. శబ్దం రాలేదు. తర్వాత మెల్లగా తల ఊపింది.

భారతి ఆ తల ఊపును చూస్తూ ఉండిపోయింది. క్షమించానని ఊపిందో, అలవాటుగా ఊపిందో, అసలు ఏమడిగారో తెలియకుండానే ఊపిందో. లోపల గిన్నెల చప్పుడు అవుతోంది. ఈసారి ఆమె అడిగింది. "అమ్మా, నేను చెప్పింది అర్థమైందా?"

సుశీలమ్మ మళ్ళీ అలాగే తల ఊపింది.